చీరలో కట్టుకున్న బిడ్డ నిద్రపోయాక గడ్డం ఎక్కడుందో చూడండి

పోయిన ఎండాకాలం మా చెల్లెల్ని చూసేదానికి చిత్తూరు పోయినాను. వాళ్ళ బాబుకి అప్పటికి 5 వారాలు, నెలలు నిండి పుట్టినోడే, పుట్టినప్పుడు 2.8 కిలోలు. నేను తిరుపతిలో నవజాత శిశువుల వార్డులో చాలా ఏళ్ళుగా స్టాఫ్ నర్సుని, అందుకని ఎవరింటికి పోయినా బిడ్డ ముఖం కంటే ముందు నా చెవి బిడ్డ ఊపిరి మీదకి పోతుంది, అది అలవాటైపోయింది. గడప దాటంగానే చెల్లెలు వేలు నోటి మీద పెట్టి "సద్దు చేయొద్దక్కా, గంట నుంచి నిద్రపోతా ఉండాడు" అనింది. పాత కాటన్ చీరని బేబీ ర్యాప్ మాదిరి రొమ్ముకి అడ్డంగా కట్టుకుని అందులో బాబుని పండబెట్టుకుని వంటింట్లో పప్పు తాలింపు పెడతా ఉంది. పైన కొంగు కప్పి ఉంది, దిష్టి తగలకుండా అని వాళ్ళత్త కప్పింది. ఆ కొంగు కింద నుంచి చిన్నగా, పిల్లి కూన మూలిగినట్టు, ప్రతి ఊపిరికీ ఒక సన్న శబ్దం వస్తా ఉంది.

కొంగు తీసి చూస్తే బాబు వీపు విల్లు మాదిరి వంగిపోయి, పిర్రలు కిందికి జారిపోయి, గడ్డం పోయి రొమ్ముకి అతుక్కుని ఉంది. వాడి గడ్డానికీ రొమ్ముకీ మధ్య నా వేలు కూడా దూరలేదు. చెల్లెల్ని పొయ్యి కట్టేయమని చెప్పి, బాబుని బయటికి తీసి, భుజానికి ఎత్తుకుని మెడ కొంచెం సర్దంగానే ఆ శబ్దం నిలిచిపోయింది, పెద్ద ఊపిరి ఒకటి తీసుకున్నాడు, కళ్ళు కూడా తెరవలేదు. చెల్లెలికి అప్పుడు అర్థమయింది తను గంట నుంచి "ఎంత బాగా నిద్రపోతా ఉండాడో" అనుకున్నది ఏందో. అది గురక కాదు, ముద్దుగా మూలగడమూ కాదు, సన్నబడిన దారిలో నుంచి గాలి కష్టంగా దూరే శబ్దం అది.

బిడ్డని ఒంటికి కట్టుకోవడం తప్పు అని చెప్పడానికి ఇది రాయడం లేదు, అది ముందే చెప్పేస్తా. మా వార్డులో తక్కువ బరువు పిల్లల్ని అమ్మ రొమ్ముకి కట్టే పద్ధతి, కంగారూ మదర్ కేర్ అంటామే, అది రోజూ చేయిస్తాం. 1978లో కొలంబియా దేశంలో బొగోటా ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి అది, ఈరోజు ప్రపంచమంతా చేస్తున్నారు. మన దగ్గర పొలం పనికి పోయే ఆడోళ్ళు, మేస్త్రీ పనుల దగ్గర ఆడోళ్ళు బిడ్డని గుడ్డలో కట్టుకుని పని చేసుకోవడం మనం చిన్నప్పటి నుంచి చూస్తానే ఉన్నాం. కట్టుకోవడంలో ఏమీ లేదు. ఎట్లా కట్టినాం, నిద్రపోయాక ఎట్లా ఉన్నాడు, అందులో నుంచి మంచం మీదకి ఎట్లా దించినాం, ఈ మూడింట్లోనే ఉంది అంతా.

ముందు గడ్డం సంగతి. గడ్డం రొమ్ముకి తగిలితే ఏమవుతుంది, మనం కూడా తల వంచుకుని ఫోన్ చూస్తాం కదా, మనకేమీ కావడం లేదే అని అడుగుతారు. మీరే ఒకసారి గడ్డాన్ని బాగా రొమ్ముకి ఆనించి, నోరు మూసుకుని ముక్కుతో గట్టిగా ఊపిరి లాగి చూడండి. గొంతు దగ్గర ఏదో అడ్డం పడినట్టు ఉంటుంది. మనకి వెంటనే తల ఎత్తాలనిపిస్తుంది, ఎత్తేస్తాం. 5 వారాల బిడ్డకి ఎత్తాలనిపించినా ఎత్తే బలం మెడలో ఉండదు. పైగా పసిబిడ్డ తల ఒంటితో పోలిస్తే చాలా పెద్దది, బరువైంది, అందులోనూ వెనక బుర్ర బాగా పొడుచుకుని ఉంటుంది, కాబట్టి ఏ కాస్త వంగినా తల ముందుకే పడుతుంది.

ఇంకోటి, గాలి పోయే దారి. అప్పుడే పుట్టిన బిడ్డ శ్వాసనాళం వెడల్పు దాదాపు 4 నుంచి 5 మిల్లీమీటర్లు, అంటే కూల్‌డ్రింక్ స్ట్రా అంత. అది గట్టిగా కూడా ఉండదు, మెత్తగా ఉంటుంది. ఇంత సన్న గొట్టంలో దారి కొంచెం తగ్గినా మామూలుగా కొంచెమే కష్టం పెరుగుతుంది అనుకుంటాం, అట్లా కాదు. గొట్టం వెడల్పు సగం అయితే గాలి పోవడానికి అడ్డం 2 రెట్లు కాదు, 16 రెట్లు పెరుగుతుంది. అందుకే పెద్దోళ్ళకి లెక్కలేని వంపు వాళ్ళకి పెద్ద విషయం. జలుబు చేసినప్పుడు ఇంకా కష్టం, ఎందుకంటే మొదటి నెలల్లో పిల్లలు దాదాపు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు, ముక్కు దిబ్బడేస్తే నోటితో తీసుకోవడం వాళ్ళకి అంత సులభంగా రాదు.

ఇక అందరూ మోసపోయే చోటు ఇదే. ఊపిరి ఆడకపోతే బిడ్డ ఏడుస్తాడు, కాళ్ళు చేతులు కొట్టుకుంటాడు, మనకి తెలిసిపోతుంది అనుకుంటాం. ఏడవాలంటే గాలి కావాలి కదా. గడ్డం మడత పడి నిదానంగా గాలి తగ్గిపోతా ఉంటే ఏడుపు రాదు, బిడ్డ ఇంకా మత్తుగా, ఇంకా సద్దు లేకుండా అయిపోతాడు, మనం బాగా నిద్ర పట్టింది అనుకుంటాం. అమెరికాలో వినియోగదారుల వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 2010 మార్చిలో స్లింగులు, అంటే బిడ్డని ఇట్లా ఒంటికి కట్టుకునే గుడ్డల మీద ఒక హెచ్చరిక ఇచ్చింది, అంతకుముందు 20 ఏళ్ళలో స్లింగుల్లో 14 మంది పిల్లలు చనిపోయినట్టు, అందులో 12 మంది 4 నెలలు కూడా నిండనివాళ్ళని చెప్పింది. కారణాలు రెండే చెప్పినారు. గుడ్డ గానీ అమ్మ ఒళ్ళు గానీ ముక్కూ నోరూ మూసేయడం ఒకటి, ఒళ్ళు వంకీ మాదిరి మడతపడి గడ్డం రొమ్ముకి తగలడం రెండోది. మా చెల్లెలి కట్టులో ఆరోజు రెండూ ఉన్నాయి, పైన కొంగు, లోపల మడత.

సరే, కట్టు ఎక్కడ తప్పింది అని ఇద్దరం కూర్చుని చూసినాం. తను బాబుని అడ్డంగా పండబెట్టింది, ఒళ్ళో పండబెట్టుకుని పాలిచ్చే మాదిరిగా, పాలు తాగుతా తాగుతానే నిద్రపోయినాడంట, అట్లే వదిలేసింది. అడ్డంగా ఉంటే గుడ్డ ఉయ్యాల మాదిరి కిందికి వంగుతుంది, దాంతో పాటు వీపు వంగుతుంది, వీపు వంగితే తల ముందుకి వస్తుంది. పాలిచ్చేటప్పుడు అట్లా పెట్టుకున్నా ఏం కాదు, ఒక చెయ్యి తల కింద ఉంటుంది, మన చూపు బిడ్డ మీదే ఉంటుంది. పాలు తాగడం అయిపోయిన నిమిషమే బిడ్డని మళ్ళీ నిలువుగా, రొమ్ముకి రొమ్ము ఆనేట్టు పైకి ఎత్తేయాలి. నిద్రపోయినాడు, లేపితే ఏడుస్తాడు అని వదిలేయకూడదు.

రెండోది, కట్టు వదులు. చీర 5 మీటర్ల పైన ఉంటుంది, మంచి కాటన్ చీర అయితే కొనే ర్యాపుల కంటే ఏమీ తీసిపోదు, నేనూ మా పెద్దమ్మాయిని చీరతోనే కట్టుకున్నాను. కానీ షాపుల్లో దొరికే సాగే ర్యాప్ వేరే, చీర వేరే. సాగే గుడ్డ బిడ్డ బరువుకి దానంతట అదే సర్దుకుంటుంది, చీర సాగదు, ఎక్కడ వదులుంటే అక్కడ అట్లే ఉండిపోతుంది. అందుకని బిడ్డ లోపల ఉన్నాక చీరని మొత్తంగా పట్టుకుని లాగితే పైన బిగుసుకుంటుంది, మధ్యలో వదులుగానే ఉంటుంది. చీర అంచు నుంచి మొదలుపెట్టి చారెడు చారెడు గుడ్డ పట్టుకుని వరసగా ఆ అంచు దాకా లాగి బిగించాలి, కుచ్చిళ్ళు సర్దుకున్నట్టు. సింథటిక్, సిల్కు చీరలు వద్దు, ముడి దగ్గర జారుతాయి, మనకి తెలీకుండా పావుగంటలో కట్టు నాలుగు వేళ్ళు కిందికి దిగిపోతుంది.

బాబుని నిలువుగా పెట్టి మళ్ళీ కట్టినాం. కాళ్ళు కప్ప మాదిరి ముడుచుకుని, మోకాళ్ళు పిర్రల కంటే పైన, గుడ్డ ఒక మోకాలి వెనక నుంచి ఇంకో మోకాలి వెనక దాకా పరుచుకుని ఉండాలి. ఇది తుంటి కీళ్ళకి మంచిదని అందరూ చెప్తారు, నిజమే, కానీ ఊపిరికి కూడా దీంతో సంబంధం ఉంది. పిర్రలు గుడ్డలో బాగా లోతుగా కూర్చుంటే బిడ్డ బరువు అక్కడ ఆగుతుంది, పైన వీపు రొమ్ముకి ఆనుకుని నిలబడుతుంది. పిర్రల కింద ఆధారం లేకపోతే ఒళ్ళంతా కిందికి కుదించుకుపోతుంది, ఆ కుదింపు చివరికి మెడ దగ్గర తేలుతుంది. గడ్డం సమస్య గడ్డం దగ్గర పుట్టదు, పిర్రల దగ్గర పుడుతుంది. కాబట్టి మెడ సర్దినంత మాత్రాన ఆగదు, రెండు నిమిషాల్లో మళ్ళీ అట్లే పడిపోతుంది, కిందనుంచి సర్దుకుంటూ రావాలి.

బిగుతు సరిపోయిందా లేదా అని ఎట్లా తెలుస్తుంది అంటే, బిడ్డ వీపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా మీ వైపు నొక్కండి. వీపు లోపలికి పోయి మీకు ఇంకా దగ్గరైతే కట్టు వదులుగా ఉన్నట్టు. ఇంకోటి, ఒక చెయ్యి బిడ్డ తల వెనక పెట్టుకుని కొంచెం ముందుకి వంగండి, బిడ్డ మీ ఒంటి నుంచి విడిపోయి ముందుకి వేలాడితే మళ్ళీ కట్టాలి. ఎత్తు ఎంత ఉండాలంటే, మీరు తల కొంచెం వంచితే మాడు మీద ముద్దు పెట్టుకోగలగాలి. బిడ్డ చెంప మీ రొమ్ముకి ఆని, ముఖం ఒక పక్కకి తిరిగి, ముక్కూ నోరూ మీకు కనపడతా ఉండాలి. గడ్డం కింద మీ రెండు వేళ్ళు అడ్డంగా పట్టాలి. తల మరీ వెనక్కి వాలినా మంచిది కాదు, పువ్వు వాసన చూసేటప్పుడు మనం ముఖం కొంచెం ముందుకెత్తుతామే, అంత చాలు. గుడ్డ అంచు మెడ వెనక దాకా వస్తే సరిపోతుంది, 4 నెలల లోపు బిడ్డకి తల మీదకి లాగి కప్పేయొద్దు. మెడకి ఆసరా కావాలంటే చిన్న తువ్వాలుని సన్నగా చుట్టి గుడ్డ అంచులో మెడ వెనక మడత పెట్టండి, తల వెనక కాదు, అక్కడ పెడితే అదే తలని ముందుకి తోస్తుంది.

వాళ్ళత్త అక్కడే నిలబడి అంతా చూస్తా ఉంది. "మరి దిష్టి తగల్తాది గదమ్మా, అట్ల ముఖం తెరిచి పెడితే" అనింది. "అత్తా, దిష్టి చుక్క ఇంకోటి పెట్టండి, అరికాలికి కూడా పెట్టండి, ముఖం మీద మాత్రం గుడ్డ కప్పొద్దండి" అని చెప్పినాను. ఆమె కాదనలేదు, కాటుక డబ్బీ తెచ్చి చెంప మీద, అరికాల్లో ఇంత పెట్టేసింది. బయట ఎండకి, దుమ్ముకి కొంగు కప్పడం కూడా ఇంతే సమస్య, ముఖం కనపడదు, లోపల వేడి, విడిచిన గాలే మళ్ళీ పీలుస్తాడు. గొడుగు పట్టుకోండి, టోపీ పెట్టండి.

వేడి గురించి ఒక్క మాట. మన తిరుపతి, చిత్తూరు ఎండల్లో కట్టు గుడ్డే రెండు మూడు పొరలు అవుతుంది, దాని కింద మన ఒంటి వేడి. లోపల బిడ్డకి పల్చని కాటన్ జుబ్బా, డైపరు చాలు, స్వెట్టరూ సాక్సులూ అక్కర్లేదు. మెడ వెనక వేలు పెట్టి చూడండి, చెమటతో జిగటగా ఉంటే విప్పేయండి. చేతులు కాళ్ళు పట్టుకుని చూస్తే తెలీదు, అవి చల్లగానే ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, చాలామంది ఇక్కడే ఆగిపోతారు కాబట్టి. కట్టేటప్పుడు అంతా చూసుకుంటారు, రెండు వేళ్ళు పట్టినాయి, ముఖం కనపడింది, బాగుంది అనుకుని పనిలో పడతారు. కానీ అప్పుడు బిడ్డ మేలుకుని ఉన్నాడు. మేలుకున్నప్పుడు ఒంట్లో ఉన్న బిగువు నిద్రలో ఉండదు, ముఖ్యంగా కనురెప్పల కింద కళ్ళు కదులుతా, పెదాలు నవ్వినట్టు అవుతా ఉంటాయే, ఆ నిద్రలో కండరాలు బాగా వదులైపోతాయి. పసిపిల్లలు నిద్రలోకి పోవడమే ఆ రకం నిద్రతో పోతారు. అంటే మనం కట్టినప్పుడు చూసిన మెడ వేరు, పది నిమిషాల తర్వాత మెడ వేరు. అందుకే నిద్ర పట్టినాక మళ్ళీ ఒకసారి రెండు వేళ్ళు పెట్టి చూడాలి, ఆ తర్వాత కూడా పొయ్యి మీద పాలు చూసుకున్నట్టు తిరిగి తిరిగి చూస్తానే ఉండాలి. వంగి ఏదన్నా తీసినా, కూర్చుని లేచినా కట్టు కదులుతుంది, అప్పుడూ చూడాలి.

చూసేటప్పుడు చెవి కూడా పెట్టండి. మూలుగు, ఈల మాదిరి శబ్దం, ముక్కుపుటాలు విచ్చుకోవడం, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య లోపలికి పీక్కుపోవడం, వీటిలో ఏది కనపడినా బిడ్డని బయటికి తీసేయండి, లోపలే సర్దుతా కూర్చోవద్దు. చామనఛాయ పిల్లల్లో ఒంటి రంగు చూస్తే నీలంగా మారింది తెలీదు, నాలుక, చిగుళ్ళు చూడండి. తీసి గట్టి చదునైన చోట వెల్లకిలా పండబెట్టి మెడ తిన్నగా పెట్టి, అరికాళ్ళు గట్టిగా రుద్దితే చాలాసార్లు ఊపిరి సర్దుకుంటుంది. సర్దుకున్నా అదేరోజు డాక్టరుకి చూపించండి. ఊపిరి తీయకపోతే 108కి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టి, వాళ్ళు చెప్పేలోపలే మొదలుపెట్టాలి, బిడ్డ ముక్కూ నోరూ రెండూ కలిపి మీ నోటితో మూసి, రొమ్ము పైకి లేచేంత మాత్రమే బుగ్గల్లో గాలిని చిన్నగా ఊదాలి, రొమ్ము మధ్యలో రెండు బొటనవేళ్ళతో సుమారు 4 సెంటీమీటర్లు లోతుకి నొక్కాలి, 30 నొక్కులకి 2 ఊపిర్లు. ఇది చదివి నేర్చుకునేది కాదు, పిల్లల టీకాలకి పోయినప్పుడు నర్సుని అడగండి, బొమ్మ మీద చేయించి చూపిస్తారేమో.

నెలలు తక్కువ పుట్టిన పిల్లలు, బరువు తక్కువ పిల్లలు, ఊపిరితిత్తుల సమస్య ఉన్నోళ్ళు, అప్పటికి జలుబు చేసి ముక్కు మూసుకున్నోళ్ళు, వీళ్ళని డాక్టరుని అడగకుండా స్లింగులో నిద్రపుచ్చొద్దు. కంగారూ కేర్ వాళ్ళకే కదా అంటారు, అది వార్డులో మేము దగ్గరుండి బిడ్డ మెడ ఎట్లా ఉంది, రంగు ఎట్లా ఉంది చూస్తా చేయించేది.

మరి స్లింగులోనే నిద్ర పోనిచ్చేయొచ్చా, ఎంతసేపు అని మా చెల్లెలు అడిగింది. మీరు మేలుకుని, నిలబడి, బిడ్డ ముఖం చూస్తా ఉన్నంతసేపు కాసేపు నిద్రపోతే భయం లేదు, కానీ అదే వాడి రోజువారీ నిద్ర చోటు కాకూడదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది కూడా ఇదే, స్లింగులోనో కారు సీట్లోనో నిద్రపోతే వీలైనంత త్వరగా గట్టి చదునైన పరుపు మీద వెల్లకిలా పండబెట్టమని. తిరుమల క్యూలో నిలబడినప్పుడు మంచం ఎక్కడ దొరుకుతుంది అంటే దొరకదు, నిజమే, అప్పుడు ఆ క్యూలో ఉన్నంతసేపూ బిడ్డ ముఖం మీదే కన్ను ఉండాలి, అమ్మకి అలసటొస్తే నాన్న కట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, బిడ్డని కట్టుకుని మీరు నిద్రపోకూడదు. బస్సులో సీటుకి వాలి, సోఫాలో వెనక్కి వాలి "ఒక్క కునుకే" అంటే ఆ కునుకులో మీ ఒళ్ళు వాలుతుంది, బిడ్డ ఒళ్ళు మడత పడుతుంది, చూసే కన్ను మూసుకుని ఉంటుంది. కళ్ళు మూతలు పడుతుంటే ముందు విప్పి బిడ్డని దించేయండి.

దించడం. ఇది పెద్ద కష్టం అని అందరు తల్లులూ అంటారు, వీపు మంచానికి తగలంగానే కెవ్వుమంటాడు. జపాన్లో రికెన్ అనే పరిశోధన సంస్థలో కుమి కురొద అనే ఆవిడ బృందం 2022లో 21 మంది పిల్లల గుండె కొట్టుకునే తీరు కొలుస్తా ఇదే చూసినారు. ఏడ్చే బిడ్డని ఎత్తుకుని ఆగకుండా 5 నిమిషాలు నడిస్తే శాంతిస్తాడు, దాదాపు సగం మంది నిద్రపోతారు, వెంటనే దించితే కొందరు లేచేస్తారు. నిద్రపోయాక ఇంకో 5 నుంచి 8 నిమిషాలు ఎత్తుకునే కూర్చుని, అప్పుడు దించితే లేవడం తగ్గుతుంది అని తేలింది. నాకు బాగా పనికొచ్చిన విషయం ఇంకోటి ఉంది అందులో. బిడ్డ ఉలిక్కిపడేది వీపు పరుపుకి తగిలినప్పుడు కాదు, అమ్మ ఒంటి నుంచి ఎడమవడం మొదలైనప్పుడు. అంటే పరుపు మెత్తగా ఉందా చల్లగా ఉందా అని కాదు, మన రొమ్ము వాడి రొమ్ము నుంచి ఎప్పుడు విడిపోతుంది అన్నదే లెక్క.

దాని ప్రకారం సాయంత్రం మళ్ళీ చేసినాం. కట్టకముందే మంచం సిద్ధం చేసుకున్నాం, ఎందుకంటే బిడ్డని పట్టుకుని ఒక చేత్తో దిండ్లు తీసేది కుదరదు. చెల్లెలు వసారాలో 5 నిమిషాలు నడిచింది, వాడు కళ్ళు మూసినాడు. అప్పుడు కూర్చుంది, నేను గడియారం చూస్తా ఉన్నాను. 3 నిమిషాలకి వాడి చెయ్యి ఎత్తి వదిలితే ఇంకా పిడికిలి బిగించినాడు, 7 నిమిషాలకి ఎత్తి వదిలితే తడి గుడ్డ మాదిరి పడింది, ఊపిరి ఒక లయలో పోతా ఉంది. అప్పుడు మంచం దగ్గరికి పోయి, ఒక అరచెయ్యి బిడ్డ తల, మెడ వెనక, ముంజెయ్యి వీపు పొడవునా పెట్టి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ముడి విప్పింది. చీర పొరలు ఒక్కొక్కటే భుజాల మీద నుంచి జార్చింది, బిడ్డ మాత్రం రొమ్ముకి ఆనుకునే ఉన్నాడు. రెండు రింగుల్లో గుడ్డ దూర్చి బిగించే రింగ్ స్లింగ్ అయితే పై రింగుని కొంచెం ఎత్తితే గుడ్డ వదులవుతుంది, అదీ ఒక చెయ్యి బిడ్డ వీపు మీద ఉంచుకునే చేయాలి.

ఆ తర్వాత తనే మంచం మీదకి వంగింది, బిడ్డని కిందికి చాచి దించలేదు, బిడ్డతో పాటు తనూ వాలింది, పిర్రలు ముందు, తర్వాత వీపు, చివర్లో తల పరుపుకి ఆనేదాకా రొమ్ము రొమ్ముని విడవలేదు. అట్లే అర నిమిషం ఆగింది. తర్వాత మెల్లగా తను పైకి లేస్తా, తను తీసిన చోట అరచెయ్యి పెట్టింది వాడి రొమ్ము మీద. తల కింద చెయ్యి అన్నిటికంటే చివర, పక్కకి జార్చి తీసింది. ఒకసారి చేతులు ఎగరేసినాడు, ఆ అరచెయ్యి అట్లే ఉంది కాబట్టి మళ్ళీ సర్దుకున్నాడు. బిడ్డ లేస్తాడేమో అని చీరని కింద అట్లే వదిలేయడం, దాన్నే వాడి మీద కప్పడం చాలా ఇళ్ళల్లో చూస్తాను, వద్దు. వదులు గుడ్డ ముఖం మీదకి వస్తుంది. కొంచెం కదిలినా పరవాలేదని చీర మొత్తం లాగేసినాం.

లాగేసినాక చూస్తే వాళ్ళత్త ఎప్పుడు పెట్టిందో గానీ తల దగ్గర ఆవాల దిండు ఉంది, తల గుండ్రంగా వస్తుందని మన ఇళ్ళల్లో అందరూ పెట్టేదే. చెల్లెలు దించేటప్పుడు తల సరిగ్గా దాని మీదకే పోయింది. అంత సేపు జాగ్రత్తగా కట్టి, చూసి, దించి, చివరికి వాడి గడ్డం మళ్ళీ రొమ్ము దగ్గరికి వచ్చేసింది. పసిబిడ్డకి వెనక బుర్ర ముందే పెద్దది, దాని కింద ఇంకో రెండు వేళ్ళ ఎత్తు పెడితే మెడ వంగక ఏమవుతుంది. చీర ఉయ్యాల కూడా ఇట్లాంటిదే, దూలానికి కట్టిన చీరలో వీపు ఎప్పుడూ వంపులోనే ఉంటుంది, పక్కన కూర్చుని ఊపుతా ఉన్నప్పుడు సరే, రాత్రంతా అందులోనే వదిలేసేది మాత్రం 4 నెలల లోపు పిల్లలకి నేను ఒప్పుకోను.

నేను దిండు మెల్లగా లాగేసినాను. వాడి తల పరుపు మీదకి ఒరిగి కొంచెం పక్కకి తిరిగింది, గడ్డం లేచింది, రెండు వేళ్ళు పెట్టి చూసినాను, పట్టినాయి. వాళ్ళత్త ఆ దిండు తీసుకుని బీరువా పైన పెట్టేసి వచ్చి, "రాత్రికి కూడా అట్లే పండబెట్టొచ్చునా అమ్మా, ఏమీ లేకుండా" అని అడిగింది. అట్లే పండబెట్టండి అత్తా అని, దోమతెర దించి, ఫ్యాను రెండు మీద పెట్టినాం.